రంజన్ తడి, స్టీలు గ్లాసు తడి: మాట్లాడని పిల్లలు నడిపిన ఒక సైన్సు పాఠం

నేను నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. తొమ్మిదో తరగతిలో నలభై మంది. సగం మందికి పైగా తండాల నుంచి వస్తారు, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు, బడిలో తెలుగు, ఇప్పుడు పుస్తకమేమో ఇంగ్లీషులో. క్లాసులో నేను ప్రశ్న అడిగితే చేతులెత్తేది ఎప్పుడూ ఆ ఆరేడుగురే. మొదటి రెండు బెంచీల్లో ఉంటారు, ప్రశ్న పూర్తి కాకముందే చెయ్యి లేస్తుంది. మిగిలిన ముప్పై మందికి పైగా పిల్లలు వినడం, బోర్డు మీది ఎక్కించుకోవడం, అంతే. ఈ రెండో రకం పిల్లలు పాఠంలోకి వచ్చేలా, ముందు ఎవరికి వారు ఆలోచించి, తర్వాత జంటగా మాట్లాడుకుని, ఆపై అందరికీ చెప్పే థింక్-పెయిర్-షేర్, గ్రూపులో తలా ఒక బాధ్యత అనే పద్ధతుల్ని నేను ఎలా వాడానో, ఎక్కడెక్కడ అవి పట్టు తప్పాయో, ఒక్క పాఠం పట్టుకుని వివరంగా రాస్తాను. స్కూల్ కాంప్లెక్స్ టీచర్ల సమావేశాల్లో ఈ పేర్లు అందరం వింటాం, రెండు స్లైడులు చూస్తాం. క్లాసులోకి వెళ్ళాక నిమిషం నిమిషానికి ఏం జరుగుతుందన్నది మాత్రం ఎవరూ చెప్పరు, అందుకని.

ముందు ఒక చిన్న నేపథ్యం. థింక్-పెయిర్-షేర్‌ని 1981లో అమెరికాలోని మేరీలాండ్ యూనివర్సిటీకి చెందిన ఫ్రాంక్ లైమన్ రూపొందించారు. అంతకు ముందే, 1970ల్లో, మేరీ బడ్ రో అనే ఆవిడ సైన్సు క్లాసుల్ని రికార్డు చేసి, టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం ఎంతసేపు ఆగుతున్నారో కొలిచింది. సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితేనే జవాబులు పొడవయ్యాయి, అంతవరకూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. నాకు ఈ విషయం తెలిశాక నా క్లాసు మీద కొత్త చూపు వచ్చింది. ఒక సెకనులో లేచే చెయ్యి తెలివికి గుర్తు కాదు, ఆ ప్రశ్నకు జవాబు అప్పటికే నోట్లో ఉందని మాత్రమే అర్థం. లంబాడీలో ఆలోచించి తెలుగులోకి మార్చుకుని, అందులో ఇంగ్లీషు మాట ఎక్కడ పెట్టాలో చూసుకునే పిల్లకు ఒక సెకను ఎలా సరిపోతుంది?

పాఠం పదార్థం గురించి. అందులో అందరికీ తెలిసిన ప్రశ్న ఒకటుంది: గ్లాసులో ఐసు వేసిన నీళ్ళు పోస్తే గ్లాసు బయట నీటి చుక్కలు ఎక్కడి నుంచి వస్తాయి? నేను దీన్నే ఎంచుకోవడానికి కారణం, దీనికి తప్పు జవాబులు ఎన్నో ఉన్నాయి, ప్రతి తప్పు జవాబు వెనకా ఒక నిజమైన అనుభవం ఉంది. ఇది చాలా ముఖ్యం. "నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి" లాంటి ప్రశ్నకు జంటలుగా మాట్లాడమంటే పది సెకన్లలో అయిపోతుంది, ఆ తర్వాత రెండు నిమిషాలూ సినిమా కబుర్లే. జంటగా మాట్లాడుకోవాలంటే, ఇద్దరికీ వేరే వేరే జవాబులు వచ్చే అవకాశం ఆ ప్రశ్నలోనే ఉండాలి.

జూలైలో చేశాం, బాగా ముసురు పట్టిన రోజుల్లో. ఇది కూడా తెలిసి చేసిందే. ఎండాకాలంలో, ఒక్కోసారి ఫిబ్రవరి మధ్యాహ్నాల్లో కూడా, గాలి పొడిగా ఉంటే చుక్కలు సరిగా పట్టవు. బస్టాండు దగ్గర కూల్‌డ్రింకుల షాపు నుంచి థర్మాకోల్ డబ్బాలో ఐసు తెచ్చాను. మధ్యాహ్న భోజనం గ్లాసులు వంటమ్మని అడిగి తీసుకున్నాను.

ఐసు నీళ్ళ గ్లాసు టేబుల్ మీద పెట్టి, చుక్కలు పట్టాక అందరికీ చూపించి, ప్రశ్న బోర్డు మీద రాశాను. రాయడం అవసరం. నోటితో అడిగి వదిలేస్తే, సగం మంది పిల్లలు "మేడం ఏమడిగింది?" అని పక్కవాళ్ళను అడగడంతోనే ఆలోచించే సమయం అయిపోతుంది. తర్వాత ఒక నిమిషం. ఈ నిమిషంలో ఎవరూ మాట్లాడకూడదు, చెయ్యి ఎత్తకూడదు, రఫ్ నోట్సులో ఒక్క వాక్యం రాయాలి. బొమ్మైనా సరే. ఏ భాషలోనైనా సరే.

ఆ ఒక్క వాక్యం రాయడం అనేది మొత్తం పద్ధతికి మూలం అని నాకు ఇప్పుడు గట్టి నమ్మకం. "ఆలోచించండి" అని ఊరికే అంటే పిల్లలు తల ఊపుతారు, కళ్ళు పైకి పెడతారు, ఆలోచిస్తున్నారో లేదో మనకు తెలియదు. వాళ్ళకూ తెలియదు. పైగా మొదటి బెంచీ వాడు పెదాలతోనైనా జవాబు బయటపెడతాడు, అది వినబడ్డ క్షణం మిగతా అందరి ఆలోచనా ఆగిపోతుంది. కాగితం మీద రాస్తే ఏ పిల్ల అయినా జంటలోకి వెళ్ళేటప్పుడు చేతిలో తన సొంతమాట ఒకటి పట్టుకుని వెళ్తుంది. తక్కువ మాట్లాడే పిల్లకు అప్పటికప్పుడు మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండదు, రాసింది చదివితే చాలు.

ఆ నిమిషంలో నేను ఊరికే నిలబడను. బెంచీల మధ్య తిరుగుతూ నోట్సులు చదువుతాను. ఆ రోజు కనిపించినవి ఇవీ: "గ్లాసు లోపలి నీళ్ళు బయటికి కారినయ్", "ఐసు పొగ బయట అంటుకుంది", "పోసేటప్పుడు పైనుంచి ఒలికింది", రెండు మూడు చోట్ల "సాంద్రీకరణం" అని ఒక్క మాట. ఆ మాట రాసినవాళ్ళంతా మొదటి బెంచీల వాళ్ళే, ట్యూషన్లో ముందే చదివారు.

కిటికీ పక్కన నాలుగో బెంచీలో ఒక అమ్మాయి ఉంది. ఎనిమిదిలో మా బడికి వచ్చింది, అంతకు ముందు తండా ప్రైమరీ స్కూలు, మధ్యలో అమ్మానాన్నలతో పనికోసం హైదరాబాద్ వైపు వెళ్ళి రావడం వల్ల చదువు తెగింది. హాజరు పలకడానికి తప్ప క్లాసులో ఆ అమ్మాయి గొంతు నేను విన్నది లేదు. నోట్సులో ఇలా రాసింది: "మా రంజన్ బయట కూడ తడి ఉంటది. నీళ్ళు బయటికి వస్తయ్. గ్లాస్ కూడ అట్లనే." పక్కన రంజన్ అనే ఆ నీళ్ళ మట్టికుండ బొమ్మ, దాని కింద నీళ్ళ మడుగు, ఆ మడుగులో తిరగేసిన పళ్ళెం మీద రంజన్ కూర్చోబెట్టినట్టు కూడా గీసింది.

ఇది చూడగానే ఇవాళ్టి పాఠం దీని మీదే నడవాలని అనిపించింది. ఎందుకంటే ఆ అమ్మాయి చెప్పింది రంజన్ విషయంలో నూటికి నూరు పాళ్ళు నిజం. మట్టి కుండకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి, నీళ్ళు వాటి గుండా బయటికి ఊరి ఆవిరవుతాయి, అందుకే లోపలి నీళ్ళు చల్లబడతాయి. స్టీలు గ్లాసు తడి అలాంటిది కాదు. రెండు తడులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కారణాలు పూర్తిగా వేరు. పుస్తకం ఈ తేడా గురించి మాట్లాడదు, "సాంద్రీకరణం" అని రాసిన పిల్లవాడికీ ఇది తట్టదు. ఆ అమ్మాయి నోట్సు చూడకపోతే నాకూ ఆ రోజు తట్టేది కాదేమో.

వంగి మెల్లగా చెప్పాను, "ఇది చాలా మంచి పాయింట్ బిడ్డా. కొంచెం సేపయ్యాక దీని గురించి అడుగుతా. నువ్వు చెప్తావా, నీ పార్ట్‌నర్ చెప్పాలా?" పార్ట్‌నర్ వైపు చూపించింది. సరే అన్నాను. ఇలా ముందే చెప్పి ఉంచడం నేను తప్పనిసరిగా చేస్తాను. పేరు పెట్టి హఠాత్తుగా లేపితే కొందరు పిల్లలకు టెన్షన్‌తో తెలిసింది కూడా పోతుంది, ఆ అవమానం నెల రోజులు మనసులో ఉంటుంది. నువ్వు రాసింది బాగుంది, దాని గురించే అడగబోతున్నాను అని రెండు నిమిషాల ముందు తెలిస్తే అది వేరే విషయం.

తర్వాత జంటలు, రెండు నిమిషాలు. ఇక్కడే చాలా క్లాసుల్లో పద్ధతి పాడవుతుంది. జంటలో మాటకారి పిల్ల మొత్తం చెప్పేస్తుంది, ఇంకో పిల్ల "ఆఁ, నేనూ అదే" అంటుంది. దూరం నుంచి చూస్తే ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. దీన్ని కనిపెట్టడం ఎలాగంటే, వినేవాళ్ళ నోట్సు చూడాలి. జంట సమయం అయ్యాక అందులో పక్కవాళ్ళ జవాబే ఉండి, తమది కొట్టేసి ఉంటే ఆ జంటలో ఒక్కరే మాట్లాడారన్నమాట. అందుకని నేను రెండు నియమాలు పెట్టాను. మొదటి నిమిషం కిటికీ వైపు కూర్చున్నవాళ్ళది, రెండో నిమిషం తలుపు వైపు వాళ్ళది. ఒకరి నిమిషంలో రెండోవాళ్ళు "ఎందుకు అట్ల అనుకుంటున్నవ్?" అని అడగొచ్చు, ఇంకేమీ అనకూడదు. ఎవరు ముందు అన్నది సీటును బట్టి తేలిపోతుంది కాబట్టి, దూకుడుగా ఉండేవాళ్ళు ముందు మొదలుపెట్టే వీలుండదు. రెండో నియమం, అందరి ముందూ చెప్పేటప్పుడు ఎవరూ తమ జవాబు చెప్పకూడదు, తమ పార్ట్‌నర్ ఏమన్నారో చెప్పాలి.

ఈ రెండో నియమం చేసే పని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మాటకారి పిల్లవాడు తన పార్ట్‌నర్ చెప్పింది వినకపోతే అందరి ముందూ చెప్పడానికి వాడి దగ్గర ఏమీ ఉండదు, కాబట్టి వింటాడు, అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతాడు. బిడియం ఉన్న పిల్లకు ఇంకో మేలు: పార్ట్‌నర్ మాట చెప్తున్నప్పుడు అది తప్పైనా తనది కాదు కదా. లేచి నిలబడి నలుగురి ముందు మాట్లాడటం అలవాటు కావడానికి అంతకంటే తేలికైన దారి నాకు కనిపించలేదు. తన మాట తప్పైతే ఎలా అన్న భయం ఒకటి, నలుగురి ముందు గొంతు విప్పాలన్న భయం ఇంకొకటి. ఈ నియమంతో ఆ రెంటినీ విడదీయొచ్చు.

భాష సంగతి కూడా చెప్పాలి. జంటలో లంబాడీలో మాట్లాడుకోవచ్చని మొదటి రోజే చెప్పాను. నాకు లంబాడీ కొద్ది కొద్దిగా అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారో నీకు తెలియదు కదా అని తోటి టీచర్ ఒకరు అడిగారు. నిజమే, అందుకే నోట్సులో వాక్యం ఉండాలి, అందుకే పార్ట్‌నర్ మాటను అందరి ముందూ తెలుగులో చెప్పాలి. ఇంటి భాషలో ఆలోచన తేటపడ్డాక దాన్ని తెలుగులోకి తేవడం ఒక పని. ఆలోచించడం, భాష మార్చడం, నిలబడి చెప్పడం మూడూ ఒకేసారి చెయ్యమనడం వేరే పని.

జంటలయ్యాక నేను చెయ్యి ఎత్తి నిలబడతాను, చూసినవాళ్ళు చూసినట్టు మాట ఆపి చెయ్యి ఎత్తుతారు. బల్ల మీద డస్టర్ కొట్టి "సైలెన్స్" అని అరవడం కంటే ఇది త్వరగా పనిచేస్తుంది. మొదటి వారాల్లో క్లాసు గోలగా ఉందని హెడ్మాస్టర్ గారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు కూడా. పిల్లల నోట్సులు చూపించాను, కాసేపు చదివి వెళ్ళిపోయారు.

ఇక షేర్. మొదటగా "సాంద్రీకరణం" అని రాసినవాళ్ళను అడగలేదు. ఇది కావాలనే. సరైన పదం ముందు బయటికొస్తే క్లాసు అక్కడితో ముగుస్తుంది, మిగతా జవాబులన్నీ సిగ్గుపడి నోట్సుల్లో దాక్కుంటాయి. నేను నోట్సులు చూసుకుంటూ తిరిగేది అందుకే, ఎవరి మాట ఏ వరసలో రావాలో ముందే అనుకుంటాను. మొదట ఒలికింది అన్న జంట, తర్వాత ఐసు పొగ, తర్వాత రంజన్. కిటికీ పక్క అమ్మాయి పార్ట్‌నర్ లేచి, "మేడం, వీళ్ళ రంజన్ బయట తడి ఉంటదట, నీళ్ళు లోపలి నుంచి వస్తయట, గ్లాసు కూడ అట్లనే అంటుంది" అని చెప్పింది. క్లాసులో సగం మంది "అవును మా ఇంట్ల కూడ" అన్నారు. అన్నీ బోర్డు మీద రాశాను, ఏది తప్పో ఏది ఒప్పో చెప్పలేదు. "సాంద్రీకరణం" అన్న పిల్లవాణ్ణి చివర అడిగాను, అయితే ఆ మాట వాడకుండా చెప్పమన్నాను. కొంచెం తడబడి, "గాలిలో ఉన్న నీళ్ళు" అన్నాడు. అప్పుడు వెనక నుంచి ఒకడు, "గాలిలో నీళ్ళు ఉంటే మనం తడవాలె కదా?" అన్నాడు. చక్కటి ప్రశ్న. అది కూడా బోర్డెక్కింది.

ఇప్పటికి పన్నెండు నిమిషాలు అయ్యాయి. ఇక గ్రూపులు.

నలుగురికి మించి పెట్టను. ఆరుగురి గ్రూపులో ఇద్దరు తప్పకుండా బయటికి జారిపోతారు, బెంచీ చివర కూర్చుని గోళ్ళు గిల్లుకుంటూ ఉంటారు. మొదటి బెంచీ జంట వెనక్కి తిరిగితే, రెండో బెంచీ జంటతో కలిసి నలుగురు. కుర్చీలు జరపడం, లేచి తిరగడం ఏమీ లేదు. ఆడపిల్లలు ఒక వైపు, మగపిల్లలు ఒక వైపు కూర్చునే క్లాసు మాది. మొదట్లో దాన్ని కదిలించలేదు, ఎందుకంటే అప్పటికే మాట్లాడటానికి జంకుతున్న పిల్ల మీద ఇంకో భారం పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. మొదట ఇద్దరిద్దరి జంట, ఆ జంటలో ఒక నమ్మకం ఏర్పడ్డాక నలుగురు, అలా పెంచుకుంటూ పోయాను.

సీట్లను బట్టి ఒకటి నుంచి నాలుగు వరకు నంబర్లు. సుద్దముక్కల డబ్బాల అట్టలు కత్తిరించి బాధ్యతల కార్డులు చేశాను. ఒకటి సామాను చూసుకునేవాళ్ళు, రెండు రాసేవాళ్ళు, మూడు ప్రశ్న అడిగేవాళ్ళు, నాలుగు అందరికీ చెప్పేవాళ్ళు. పాఠం పాఠానికి నంబరు ఒకటి జరుగుతుంది. "లీడర్" అనే కార్డు పెట్టలేదు. లీడర్ అని పెడితే చాలు, ఎప్పుడూ క్లాసు ఫస్టే తీసుకుంటాడు, మిగతా ముగ్గురూ వాడు చెప్పింది చేస్తారు.

అయితే బాధ్యతలు ఇవ్వగానే మాట్లాడని పిల్లలు మాట్లాడేస్తారని అనుకోవద్దు. కొన్ని బాధ్యతలు వాళ్ళకు దాక్కునే చోటు అవుతాయి. చాలా చోట్ల టైం కీపర్ అని పెడతారు. మౌనంగా ఉండే పిల్ల ఆనందంగా ఆ కార్డు తీసుకుంటుంది, పావుగంట గోడ గడియారం చూస్తూ కూర్చుంటుంది, చివర "టైం అయింది" అంటుంది. రాసే బాధ్యత ఇంకా మోసం. చేతిరాత బాగున్న అమ్మాయికి ఎప్పుడూ అదే వస్తుంది, తల వంచుకుని మిగతావాళ్ళు చెప్పింది రాస్తుంది, మనం చూసి "అబ్బ, ఎంత శ్రద్ధగా పనిచేస్తోంది" అనుకుంటాం. ఆ కాగితంలో ఆ అమ్మాయి ఆలోచన ఒక్క ముక్క ఉండదు.

కాబట్టి ప్రతి కార్డు వెనకా అనాల్సిన మాటలు రాశాను. రాసేవాళ్ళ కార్డు మీద: "ఇద్దరు ఒప్పుకున్నాకే రాస్తా", "నేను రాసింది చదువుతా, ఇదేనా మీరన్నది?" ప్రశ్న అడిగేవాళ్ళ కార్డు మీద: "అట్ల అయితే మనకు ఏం కనబడాలె?", "అట్ల కాకపోతే ఏం కనబడాలె?" సామాను చూసుకునేవాళ్ళకు: "ఏమేం కావాలె, ఎందుకు కావాలె? ఎందుకో చెప్పకపోతే తీసుకరాను." అందరికీ చెప్పేవాళ్ళకు: "నాకు అర్థమయ్యే దాక మళ్ళ చెప్పండి." ఈ వాక్యాలు పిల్లల మాటల్లోనే ఉండాలి. పుస్తకం తెలుగులో రాస్తే ఎవరూ అనరు.

ఆ రోజు కిటికీ పక్క అమ్మాయికి మూడో నంబరు, అంటే ప్రశ్న అడిగే కార్డు వచ్చింది. మాట్లాడని పిల్లలకు అన్నిటికంటే బాగా పనికొచ్చేది ఆ కార్డే అని నేను గమనించాను. జవాబు తెలియాల్సిన పని లేదు, కార్డు మీది ప్రశ్న చదివితే చాలు, కానీ ఆ ప్రశ్నకు గ్రూపు మొత్తం ఆగి జవాబు చెప్పాలి. అంతవరకూ ఎవరూ పట్టించుకోని పిల్ల ఒక్క ప్రశ్నతో మిగతా ముగ్గుర్నీ ఆపగలుగుతుంది.

గ్రూపులకు ఇచ్చిన పని: బోర్డు మీదున్న జవాబుల్లో ఒకటి తప్పని గానీ ఒప్పని గానీ తేల్చే పరీక్ష ఒకటి చెప్పండి. ఐసు, స్టీలు గ్లాసులు, ఎర్ర సిరా, తెల్ల కాగితం, మూతలు, నా దగ్గర ఒక చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఉన్నాయి. బంగారం షాపుల్లో తూచే రకం, 500 గ్రాముల వరకు, 0.1 గ్రాము తేడా కూడా చూపిస్తుంది. ఏడు నిమిషాలు ఇచ్చాను.

నేను ఆ అమ్మాయి గ్రూపు వెనక నిలబడి విన్నాను. ఒకమ్మాయి, "ఎర్ర సిరా కలుపుదాం, లోపలి నీళ్ళే బయటికి వస్తే చుక్కలు ఎర్రగ ఉండాలె" అంది. ఈ అమ్మాయి కార్డు చూసి, చాలా మెల్లగా, "అట్ల కాకపోతే ఏం కనబడాలె?" అని చదివింది. "తెల్లగ ఉంటయ్" అన్నారు. రాసే అమ్మాయి రాయబోయింది. అప్పుడు కార్డులో లేని మాట వచ్చింది ఆ అమ్మాయి నుంచి: "రంజన్ల ఉత్త నీళ్ళు పోసినా తడి అయితది. గ్లాసుల ఉత్త నీళ్ళు పోస్తే?" ముగ్గురూ ఒక్క క్షణం ఆగారు. సామాను చూసుకునే అమ్మాయి లేచి వచ్చి, "మేడం, మాకు ఐసు లేని గ్లాసు కూడ ఒకటి కావాలె" అంది. ఎందుకని అడిగితే కారణం సరిగ్గా చెప్పింది.

ప్రయోగంలో పోల్చి చూడటానికి ఇంకో గ్లాసు పెట్టడం, సైన్సులో మనం ఎంతో కష్టపడి నేర్పించే విషయం అది. ఇక్కడ ఇంట్లో రంజన్ తుడిచే అనుభవం నుంచి వచ్చింది.

ఇంకో గ్రూపు త్రాసు అడిగింది. వాళ్ళ ఆలోచన ఇది: లోపలి నీళ్ళే బయటికి వస్తే, మూత పెట్టిన గ్లాసు మొత్తం బరువు మారకూడదు, నీళ్ళు చోటు మారాయంతే. బయటి నుంచి వచ్చి చేరితే బరువు పెరగాలి. ఇది మగపిల్లల గ్రూపు, ఇందులో మాట తడబడే పిల్లవాడు ఒకడున్నాడు, ఆ రోజు అందరికీ చెప్పే బాధ్యత వాడిది. వాడికి ముందే చెప్పాను, కాగితం చూసి చదవొచ్చు, లేదా పక్కవాడితో కలిసి చెప్పొచ్చు, ఎంత సేపైనా పర్వాలేదు అని. బాధ్యత తీసేయలేదు. తీసేస్తే వాడికీ క్లాసుకీ ఒక సంగతి చెప్పినట్టే అవుతుంది, అది నాకు ఇష్టం లేదు. వాడు త్రాసు అంకె బోర్డు మీద రాసి, రెండు ముక్కల్లో చెప్పాడు.

మూత పెట్టిన గ్లాసు బయట తుడిచి మొదట తూచినప్పుడు 312.4 గ్రాములు. పదిహేను నిమిషాలు ఆగాం. ఆలోపు పిల్లలు తమ పరీక్షలో ఏం వస్తుందనుకుంటున్నారో ముందే రాశారు, ఇది రాయించకపోతే ఫలితం వచ్చాక అందరూ "మాకు ముందే తెలుసు" అంటారు. రెండోసారి తూచితే 313.6. ఒక గ్రాముకు కొంచెం పైన పెరిగింది. ఎర్ర సిరా గ్లాసు బయట తెల్ల కాగితంతో తుడిస్తే కాగితం తడిసింది, రంగు అంటలేదు. ఐసు లేని గ్లాసు బయట పొడిగానే ఉంది. మూడు పరీక్షలూ ఒకే వైపు చూపించాయి.

చివర్లో గ్రూపు తరఫున ఎవరు చెప్పాలన్నది అందరికీ చెప్పే కార్డు ఉన్నవాళ్ళదే అయినా, ఆఖరి ప్రశ్నకు మాత్రం నేను నంబరు పిలుస్తాను. అమెరికాలో స్పెన్సర్ కేగన్ ప్రచారంలోకి తెచ్చిన నంబర్డ్ హెడ్స్ టుగెదర్ అనే పద్ధతి ఇది: నలుగురూ మాట్లాడుకున్నాక టీచరు ఒక నంబరు చెప్తే ప్రతి గ్రూపులోనూ ఆ నంబరు వాళ్ళు లేవాలి. ఏ నంబరు వస్తుందో తెలియదు కాబట్టి, గ్రూపులో తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు నేర్పించి తీరాలి. అడిగిన ప్రశ్న: రంజన్ తడికీ స్టీలు గ్లాసు తడికీ తేడా ఏమిటి? ఒక నిమిషం ఇచ్చి, మూడో నంబరు పిలిచాను.

పదిమంది లేచారు. ఆ అమ్మాయీ లేచింది. వరసగా అడుగుతూ వచ్చాను, తన దగ్గరికి వచ్చేసరికి, "రంజన్ మట్టిది, లోపలి నీళ్ళు బయటికి వస్తయ్. స్టీలుకు బొక్కలు ఉండయ్, బయట నీళ్ళు గాలిల నుంచి వచ్చినయ్" అంది. గొంతు పెద్దగా లేదు. వెనక బెంచీకి వినబడలేదని "గట్టిగా చెప్పు" అన్నారెవరో. నేను ఆ మాట అననివ్వను, నేనే దగ్గరికి వెళ్ళి విని, తన మాటల్నే మళ్ళీ అన్నాను, ఒక్క అక్షరం మార్చకుండా. మనం పిల్లల మాటను పుస్తక భాషలోకి సరిదిద్ది చెప్తే, "నేను చెప్పింది సరిపోలేదు" అనే వాళ్ళకు వినబడుతుంది. సాంద్రీకరణం అనే మాట తర్వాత బోర్డు మీద రాశాను, అప్పటికి ఆ మాటకు లోపల సరుకు ఉంది.

ఈ పద్ధతి ఎంతవరకు పనిచేస్తోందో చూడటానికి నేను హాజరు పట్టీ జిరాక్సు ఒకటి దగ్గర పెట్టుకుంటాను. అందరి ముందూ మాట్లాడిన ప్రతి పేరు పక్కనా ఒక గీత, గ్రూపులో నేను విన్న మాటకు ఒక చుక్క. నెలకోసారి చూస్తే గీతలూ చుక్కలూ రెండూ లేని పేర్లు బయటపడతాయి. తర్వాతి పాఠంలో నేను ముందు చదవాల్సినవి వాళ్ళ నోట్సులే. చుక్కలు మాత్రమే ఉండి గీత లేని పిల్లలు కొందరు సంవత్సరమంతా అలాగే ఉంటారు, వాళ్ళను తోయను. జంటలో స్పష్టంగా మాట్లాడే పిల్ల నేర్చుకుంటూనే ఉంది.

సమయం మాటేమిటంటే, అవును, పడుతుంది. నేను చెప్పేస్తే పది నిమిషాల్లో అయ్యే విషయానికి పూర్తి పీరియడ్ పట్టింది. కాబట్టి పాఠానికి ఒక్క ప్రశ్నకు మాత్రమే గ్రూపుల దాకా వెళ్తాను. మిగతా చోట్ల ఒక నిమిషం రాత, ఒక నిమిషం జంట, ముగ్గురి మాట, అంతే, నాలుగు నిమిషాల్లో అవుతుంది.

నాకు ఇంకా తేలనిది పత్తి ఏరే కాలం. అక్టోబర్ దాటితే క్లాసులో పది పదిహేను మంది కనిపించరు, జంటలు విరుగుతాయి, నెలల తరబడి కుదిరిన పార్ట్‌నర్ లేని పిల్ల మళ్ళీ మొదటికొస్తుంది. ఒంటరిగా మిగిలినవాళ్ళను ఇంకో జంటలో కలిపి ముగ్గుర్ని చేస్తే, ఆ మూడో పిల్లే మౌనంగా ఉండిపోతుంది. ప్రస్తుతానికి ముగ్గురి జంటల్లో కొత్తగా కలిసిన పిల్లకే మొదటి నిమిషం ఇస్తున్నాను, ప్రశ్న కార్డు కూడా ఆ పిల్లకే. పనికెళ్ళిన పిల్ల తిరిగి వచ్చిన రోజు పాత పార్ట్‌నర్ పక్కనే కూర్చోబెట్టి, ఆ రోజు ప్రశ్న తను లేనప్పుడు అయిన పాఠం మీద కాకుండా, చేలోనో ఇంట్లోనో చూసినదాని మీద పెడుతున్నాను. ఈ మధ్య అడిగింది: తెల్లారి పత్తి తడిగా ఉంటుంది, వాన పడలేదు, ఆ తడి ఎక్కడిది?